ఆపరేషన్‌కు ముందు మద్యం: ఎప్పుడు, ఎలా ఆపాలి, మత్తు డాక్టరుకు ఏమేం చెప్పాలి

ఆపరేషన్ తేదీ ఖాయమయ్యాక రోగులు, వారి ఇంటివారు మత్తు డాక్టర్లను పదే పదే అడిగే ప్రశ్నలు రెండు. "ముందు రోజు రాత్రి ఒక్క పెగ్గు పుచ్చుకుంటే ఏమవుతుంది?" అన్నది మొదటిది. "నాలుగు రోజుల క్రితమే మానేశాను, ఇంక ఆ సంగతి చెప్పవలసిన పని ఉందా?" అన్నది రెండోది. ప్రమాదమంతా మొదటి ప్రశ్న వేసిన వ్యక్తికే అనుకుంటాం. కానీ రోజూ తాగే అలవాటుండి, ఎవరికీ చెప్పకుండా ఆపరేషన్‌కు రెండు మూడు రోజుల ముందు మానేసి వచ్చే వ్యక్తి గురించి డాక్టర్లు అంతకన్నా ఎక్కువ ఆందోళన పడతారు. ఎందుకో కింద వివరిస్తాను.

పిత్తాశయంలో రాళ్లు, హెర్నియా, మోకీలు మార్పిడి, గర్భసంచి తొలగింపు వంటి, ముందుగా తేదీ పెట్టుకుని చేయించుకునే ఆపరేషన్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ప్రమాదం జరిగి అప్పటికప్పుడు చేసే ఆపరేషన్ల సంగతి చివర చెబుతాను.

ముందు కొంచెం కారణం

నిన్న రాత్రి తాగిన మద్యం, ఏళ్ల తరబడి తాగిన మద్యం మత్తుమందు మీద ఒకదానికొకటి వ్యతిరేకంగా పనిచేస్తాయి. రక్తంలో ఇంకా మద్యం ఉంటే అది మెదడును మందగింపజేస్తూనే ఉంటుంది. దాని మీద మత్తుమందు కూడా చేరితే రెండింటి బలమూ కలిసి శ్వాస మందగిస్తుంది, రక్తపోటు పడిపోతుంది. అంతకన్నా డాక్టర్లు భయపడేది కడుపు గురించి. మద్యం కడుపు ఖాళీ కావడాన్ని ఆలస్యం చేయగలదు, అన్నవాహికకు, కడుపుకు మధ్య ఉండే కండరపు బిగువును సడలిస్తుంది. మెలకువగా ఉన్న మనిషికి కడుపులోనిది గొంతులోకి వస్తే దగ్గు వస్తుంది. మత్తులో ఉన్న మనిషికి ఆ రక్షణ ఉండదు కాబట్టి పుల్లటి ద్రవమూ, ఆహారమూ నేరుగా ఊపిరితిత్తుల్లోకి జారిపోతాయి.

ఏళ్ల తరబడి రోజూ తాగేవారి మెదడు మాత్రం మందగింపుకు అలవాటు పడి ఉంటుంది కనుక, బరువును, వయసును బట్టి ఇచ్చే మామూలు మోతాదు వారికి చాలకపోవచ్చు. మోతాదు పెంచితే, మద్యం వల్ల గుండె కండరం బలహీనపడి ఉన్న వ్యక్తిలో రక్తపోటు ఒక్కసారిగా దిగిపోతుంది. ఈ రెండింటి మధ్య దారి వెతకాలంటే మత్తు డాక్టరుకు మీ అలవాటు ముందే తెలియాలి.

రక్తస్రావానికి వస్తే, తెగిన రక్తనాళాన్ని మొదట మూసేవి ప్లేట్‌లెట్లు, ఆ తర్వాత గడ్డను గట్టిపరిచేవి కాలేయం తయారుచేసే ప్రొటీన్లు. రక్తంలో మద్యం ఉన్నంతసేపూ ప్లేట్‌లెట్లు సరిగా అతుక్కోవు. ఎక్కువ తాగేవారిలో ఎముక మజ్జ వాటిని తక్కువగా తయారుచేస్తుంది. కాలేయం గట్టిపడిపోయిన దశలో ప్లీహం ఉబ్బి, ఉన్న ప్లేట్‌లెట్లను తనలోనే నిలుపుకుంటుంది, గడ్డకట్టించే ప్రొటీన్లు కూడా తగ్గిపోతాయి. మొదటి రెండు లోపాలూ మద్యం ఆపిన ఒకటి రెండు వారాల్లో చాలావరకు సర్దుకుంటాయి. చివరిది అలా సర్దుకోదు. మీరు ఏ రోజు ఆపారన్న తేదీ సర్జనుకు అంత ముఖ్యం కావడానికి కారణం ఇదే.

దగ్గర పెట్టుకోవలసినవి

ఒక కాగితం, కలం. మీరు మామూలుగా తాగే సీసా, లేదా దాని లేబుల్ ఫోటో. ప్రస్తుతం వాడుతున్న మాత్రల స్ట్రిప్పులన్నీ, నిద్రమాత్రలు, నొప్పి మాత్రలు, ఆయుర్వేద మందులతో సహా. గతంలో చేయించుకున్న రక్తపరీక్షలు, కడుపు స్కాన్ రిపోర్టులు. మీతో ఒకే ఇంట్లో ఉంటూ మీ అలవాటు నిజంగా తెలిసిన ఒక మనిషి. వీలైతే ఆపరేషన్‌కు కనీసం నాలుగు వారాల గడువు.

1. తాగేదాన్ని గ్రాముల్లోకి మార్చి రాసుకోండి

"అప్పుడప్పుడు", "కొంచెం", "లిమిట్‌లోనే" అన్న మాటలతో మత్తు డాక్టరు ఏ మోతాదూ నిర్ణయించలేరు. లెక్క తేలికే. సీసాలోంచి మీరు తాగిన మిల్లీలీటర్లను లేబుల్ మీది ఆల్కహాల్ శాతంతో గుణించి, 100తో భాగించి, వచ్చినదాన్ని 0.8తో గుణిస్తే అసలు ఆల్కహాల్ ఎన్ని గ్రాములో దాదాపుగా తెలుస్తుంది.

మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీల లేబుల్ మీద సాధారణంగా 42.8 శాతం అని ఉంటుంది. అంటే 60 మిల్లీలీటర్ల పెద్ద పెగ్గులో సుమారు 20 గ్రాములు, 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో సుమారు 62 గ్రాములు ఉంటాయి. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు సీసా మీద 8 శాతం అని ఉంటే అందులో సుమారు 42 గ్రాములున్నట్టు, అంటే రెండు పెద్ద పెగ్గులతో సమానం. "నేను బీరు తప్ప ఇంకేమీ ముట్టను" అని చెప్పి రోజూ రెండు స్ట్రాంగ్ బీర్లు తాగే వ్యక్తి, రోజూ క్వార్టర్ తాగే వ్యక్తికన్నా ఎక్కువ ఆల్కహాల్ తీసుకుంటున్నాడన్నమాట.

ఒక ఉదాహరణ తీసుకుందాం. వరంగల్‌లో దుకాణం నడుపుకునే 46 ఏళ్ల వ్యక్తికి పిత్తాశయంలో రాళ్లకు లాప్రోస్కోపీ ఆపరేషన్ చెప్పారనుకోండి. ఆయన వారంలో ఆరు రోజులు రాత్రి ఒక క్వార్టర్, ఆదివారం 375 మిల్లీలీటర్ల హాఫ్ తాగుతారు. ఆరు క్వార్టర్లకు సుమారు 370 గ్రాములు, హాఫ్‌కు 128 గ్రాములు, మొత్తం వారానికి దాదాపు 500 గ్రాములు. రోజుకు సగటున 70 గ్రాములు దాటుతుంది. "రాత్రి పూట ఒక క్వార్టర్, అంతే" అన్న మాటలో ఈ అంకె కనిపించదు. ఈయన కథను మిగిలిన మెట్లలోనూ వెంట తీసుకువెళదాం.

కల్లు గురించి విడిగా చెప్పాలి. తెలంగాణ పల్లెల్లో చాలా ఇళ్లలో కల్లును మద్యం కింద లెక్కపెట్టరు. పెద్దవాళ్లు, ఆడవాళ్లు కూడా సాయంత్రం సీసా తాగడం మామూలు విషయం. అందుకే "మందు తాగుతారా?" అని అడిగితే వారు నిజాయితీగానే "లేదు" అంటారు. కల్లు తాగితే కల్లు అని, రోజుకు ఎన్ని సీసాలో, చెట్టు కల్లా దుకాణం కల్లా అన్నది కూడా రాసుకోండి. దుకాణం కల్లులో ఆల్ప్రాజొలామ్, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి నిద్రమందులు కలుపుతున్న కేసులు ఎన్నో బయటపడ్డాయి. 2015లో తెలంగాణలో కల్తీ కల్లుపై దాడులు జరిగి సరఫరా తగ్గినప్పుడు, దానికి అలవాటుపడినవారు వణుకుతోను, వింత ప్రవర్తనతోను ఆసుపత్రులకు వచ్చారు. ఆ నిద్రమందులకు అలవాటైన శరీరానికి మత్తు ఇవ్వడమూ కష్టమే, అవి హఠాత్తుగా ఆగిపోవడమూ ప్రమాదమే. ఆపరేషన్ కోసం ఆసుపత్రిలో చేరితే కల్లు దానంతటదే ఆగిపోతుంది కదా.

2. మీరు సొంతంగా ఆపగలరా లేదా తేల్చుకోండి

ఈ మెట్టు దాటకుండా మద్యం ఆపే ప్రయత్నం చేయవద్దు. కింది ప్రశ్నలకు, మీ ఇంటి మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, జవాబు చెప్పుకోండి.

- తాగని రోజు ఉదయం చేతులు వణుకుతాయా, చెమట పడుతుందా, వాంతి వచ్చినట్టు ఉంటుందా?
- వణుకు తగ్గడానికి పొద్దున్నే కొంచెం తాగవలసి వస్తుందా?
- గతంలో మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా, లేనివి కనిపించడం, వినిపించడం జరిగిందా, ఆసుపత్రిలో చేరవలసి వచ్చిందా?
- మధ్యలో ఒక్క రోజు కూడా ఖాళీ లేకుండా నెలల తరబడి తాగుతున్నారా?

ఒక్కదానికైనా అవునంటే మీరు ఒంటరిగా, ఒక్కసారిగా ఆపకూడదు. రోజూ ఎక్కువగా తాగే శరీరంలో మద్యం ఆగిపోయిన ఆరు గంటల నుంచి ఒక రోజులోపు వణుకు, చెమట, గుండె దడ మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి తీవ్రమైన గందరగోళం, భ్రమలు, జ్వరం, రక్తపోటు పెరగడం కలిసి వస్తాయి. సరైన చికిత్స అందకపోతే ఇది ప్రాణం తీయగలదు.

రహస్యంగా ఆపి వచ్చిన వ్యక్తిని డాక్టర్లు ఎక్కువ ప్రమాదంలో ఉన్నవాడిగా చూసేది ఇందుకే. ఆయనకు ఫిట్స్ గాని, భ్రమలు గాని వచ్చే సమయం సరిగ్గా ఆపరేషన్ బల్ల మీదనో, ఆ మర్నాడు కుట్లతో మంచం మీద ఉన్నప్పుడో పడుతుంది. అప్పుడు సిస్టర్లకు కనిపించేది దడ, చెమట, జ్వరం, అయోమయం. ఇవే లక్షణాలు లోపల రక్తం కారుతున్నా, ఇన్ఫెక్షన్ వచ్చినా, ఆక్సిజన్ తగ్గినా కూడా ఉంటాయి. అలవాటు సంగతి తెలియని డాక్టరు ముందుగా వాటికోసమే వెతుకుతారు, విలువైన గంటలు అందులో పోతాయి.

మన ఉదాహరణలోని దుకాణదారుకు ఉదయం వణుకు లేదు, ఫిట్స్ చరిత్ర లేదు. కానీ ఖాళీ రోజంటూ ఒక్కటీ లేదు. అంటే ఆయన డాక్టరు పర్యవేక్షణలోనే ఆపాలి.

3. ఆపడానికి గడువు పెట్టుకోండి

నెలకు ఒకటి రెండుసార్లు ఒకటో రెండో పెగ్గులు తీసుకునేవారు ఆపరేషన్‌కు వారం ముందు నుంచి పూర్తిగా ఆపితే ప్లేట్‌లెట్ల పనితీరు విషయంలో నిశ్చింతగా ఉండవచ్చన్నది నా సలహా. ఏ పరిస్థితిలోనూ చివరి 24 గంటల్లో చుక్క కూడా ఉండకూడదు.

రోజూ తాగేవారికి నాలుగు వారాలు లక్ష్యంగా పెట్టుకోవాలి. దీనికి ఆధారముంది. రోజుకు 60 గ్రాములకు పైగా తాగే, పెద్దపేగు ఆపరేషన్ కావలసిన రోగుల మీద డెన్మార్క్‌లో జరిగి 1999లో ప్రచురితమైన ఒక చిన్న అధ్యయనంలో, ఒక నెల ముందు నుంచి మద్యం ఆపినవారిలో 31 శాతానికి, మామూలుగా తాగుతూ వచ్చినవారిలో 74 శాతానికి ఆపరేషన్ తర్వాత సమస్యలు వచ్చాయి. అధ్యయనం చిన్నదే అయినా తేడా చిన్నది కాదు. నెల గడువు దొరకకపోతే రెండు వారాలైనా మేలే.

ఆపే పద్ధతిని ఫిజీషియన్‌గాని, మానసిక వైద్యుడుగాని నిర్ణయిస్తారు. సాధారణంగా క్లోర్‌డయాజిపాక్సైడ్ వంటి మందును కొన్ని రోజులు ఇచ్చి మెల్లగా తగ్గిస్తారు. కాలేయం బాగా దెబ్బతిన్నవారికి లొరాజిపామ్ వైపు మొగ్గుతారు. దానితోపాటు థయమిన్ అనే బి1 విటమిన్ ఇస్తారు. ఇది తక్కువగా ఉన్న మనిషికి గ్లూకోజ్ సెలైన్ మాత్రమే ఎక్కిస్తే మెదడుకు శాశ్వతమైన హాని జరగవచ్చు కాబట్టి, ఎక్కువ తాగే వ్యక్తిని ఆసుపత్రిలో చేర్చేటప్పుడు "బి1 ఇంజెక్షన్ అవసరమా?" అని మీరే అడగండి. క్లోర్‌డయాజిపాక్సైడ్ మందుల షాపులో దొరికినా సొంతంగా కొని వాడకండి. దానిమీద మద్యం కూడా తాగితే శ్వాస ఆగే ప్రమాదం ఉంటుంది.

ఆపరేషన్‌కు ఒకటి రెండు రోజులే గడువు ఉండి, మీకు రోజూ తాగే అలవాటుంటే, ఏమీ చేయకముందే సర్జనుకు ఫోన్ చేసి చెప్పండి. ఆగగల ఆపరేషన్ అయితే వారు తేదీ మారుస్తారు. ఆగలేనిదైతే చేర్చుకుని, మద్యం ఆగినందువల్ల వచ్చే లక్షణాలకు ముందే మందు మొదలుపెడతారు.

4. పీఏసీలో ఏం చెప్పాలి

ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు చూసే పరీక్షను ఆసుపత్రుల్లో పీఏసీ అంటారు. చాలాచోట్ల అది హడావిడిగా సాగుతుంది కాబట్టి నోటితో చెప్పడం కన్నా కాగితం ఇవ్వడం మంచిది. ఉదాహరణలోని దుకాణదారు ఇలా రాయవచ్చు:

> విస్కీ, 42.8 శాతం. సోమవారం నుంచి శనివారం రోజూ 180 మి.లీ., ఆదివారం 375 మి.లీ. 12 ఏళ్లుగా.
> చివరిసారి తాగినది: తేదీ, సమయం.
> ఆపినప్పుడు: ఫిట్స్ లేవు, భ్రమలు లేవు. ఒకసారి రెండు రోజులు ఆపితే నిద్ర పట్టలేదు, చెమటలు పట్టాయి.
> రక్తం: బ్రష్ చేసేటప్పుడు చిగుళ్ల నుంచి వస్తుంది. నల్లటి మలం, రక్తపు వాంతి ఎప్పుడూ లేవు.
> మందులు: బీపీ మాత్ర. నడుము నొప్పికి వారానికి రెండు మూడుసార్లు డైక్లోఫెనాక్.
> ఇదివరకు మత్తు: లేదు.

ఇందులో డాక్టరుకు అన్నిటికన్నా పనికొచ్చేవి మూడు: రోజువారీ పరిమాణం, చివరిసారి తాగిన సమయం, ఆపినప్పుడు ఏం జరిగిందన్నది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వంటివి ప్లేట్‌లెట్లను వేరే దారిలో అడ్డుకుంటాయి కాబట్టి మద్యంతో కలిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. అయితే గుండెలో స్టెంటు ఉండి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవారు వాటిని సొంతంగా ఆపకూడదు. స్టెంటు మూసుకుపోయే ప్రమాదం ఉంటుంది. కార్డియాలజిస్టును అడిగి తీరాలి.

మద్యం మాన్పించడానికి వాడే మందులు వేసుకుంటున్నా చెప్పాలి. నాల్ట్రెక్సోన్ వాడుతున్న వ్యక్తికి మార్ఫిన్, ఫెంటానిల్, ట్రామడోల్ వంటి నొప్పిమందులు సరిగా పనిచేయవు, అందుకే దాన్ని ఎన్ని రోజుల ముందు ఆపాలో డాక్టరు ముందే నిర్ణయించాలి. డైసల్ఫిరామ్ శరీరంలో రెండు వారాల దాకా పనిచేస్తుంది, మత్తులో రక్తపోటు అనుకోకుండా పడిపోవడానికి కారణం కావచ్చు. మరొక మాట, ఇంటి ఇల్లాళ్లకు. భర్త చేత తాగుడు మాన్పించాలని అన్నంలోనో టీలోనో ఆయనకు తెలియకుండా మాత్రగాని, పొడిగాని కలుపుతున్నట్టయితే ఆ సంగతి మత్తు డాక్టరుకు విడిగా చెప్పండి. ఎందుకు అలా చేశారో మాకు అర్థమవుతుంది, ఎవరూ మిమ్మల్ని నిందించరు. కానీ ఆ మందు సంగతి ఆయనకు తెలియదు కనుక మీరు చెప్పకపోతే చెప్పేవారే లేరు.

పిల్లల ముందో, అత్తమామల ముందో, వియ్యాలవారి ముందో తాగుడు గురించి చెప్పడం కష్టమే. "డాక్టరుగారూ, ఒక్క నిమిషం ఒంటరిగా మాట్లాడాలి" అని అడిగే హక్కు మీకుంది. తోడు వచ్చినవారిని బయటకు పంపడం డాక్టరు పని.

ఆరోగ్య బీమా భయంతో దాచేవారూ ఉన్నారు. మన దేశంలోని పాలసీల్లో మద్యపాన వ్యసనానికి, దాని పర్యవసానాలకు చేసే చికిత్సను మినహాయించే నిబంధన ఉన్నమాట నిజం. దాన్ని గురించిన సందేహాన్ని ఆసుపత్రి బీమా కౌంటరులో అడిగి తేల్చుకోండి. దానికోసం మత్తు డాక్టరు దగ్గర క్వార్టర్‌ను పెగ్గు చేసి చెప్పకండి. ఆయన ఆ అంకెను బట్టే మీకు మందు ఎక్కిస్తారు.

5. రిపోర్టుల్లో ఏం చూడాలి

ప్లేట్‌లెట్ల సంఖ్య మామూలుగా లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల మధ్య ఉంటుంది. చాలా ఆపరేషన్లకు యాభై వేలు పైన ఉంటే ముందుకు వెళతారు. మెదడు, కంటి లోపలి ఆపరేషన్లకు లక్ష కోరతారు. రక్తం గడ్డకట్టే వేగాన్ని చెప్పే ఐఎన్‌ఆర్ మామూలుగా 1 దగ్గర ఉంటుంది. రక్తం పలచబడే మందులేవీ వాడకుండానే అది 1.5 దాటితే కాలేయం దెబ్బతిందేమో, కె విటమిన్ తగ్గిందేమో చూడాలి. కె విటమిన్ ఇచ్చాక అది దిగివస్తే లోపం తిండిలో ఉన్నట్టు, దిగకపోతే కాలేయంలో ఉన్నట్టు అనుమానించాలి. కాలేయ పరీక్షలో ఏఎస్‌టీ అనేది ఏఎల్‌టీకి రెండింతలకు మించి ఉండడం, ఎర్రకణాల పరిమాణమైన ఎంసీవీ 100 దాటడం దీర్ఘకాలపు మద్యాన్ని సూచిస్తాయి. అంటే దాచినా రక్తం సగం చెప్పేస్తుంది. కాని ఎంత తాగారో, ఎప్పుడు ఆపారో చెప్పలేదు.

దుకాణదారు మొదటి పరీక్షలో ప్లేట్‌లెట్లు 92 వేలు, ఐఎన్‌ఆర్ 1.2 వచ్చాయనుకుందాం. యాభై వేలు దాటాయి కాబట్టి ఆపరేషన్ చేయవచ్చు, కానీ రాళ్లు ఆయనను ఇప్పుడేమీ బాధపెట్టడం లేదు. అందుకని డాక్టరు నాలుగు వారాలు వాయిదా వేసి, మద్యం మాన్పించి, మళ్లీ పరీక్ష చేయిస్తారు. ప్లేట్‌లెట్లు లక్షా డెబ్బై వేలకు చేరితే మజ్జ కోలుకున్నట్టు. ఎంత ఆపినా తొంభై వేల దగ్గరే నిలిచిపోతే కాలేయం, ప్లీహం వైపు చూడాలి. రాళ్ల కోసం తీసిన స్కాన్ రిపోర్టులోనే ప్లీహం పెద్దదైందా అన్నది రాసి ఉంటుంది, తీసి చూపించండి.

ఒక హెచ్చరిక ఏమిటంటే, సంఖ్య బాగున్నంత మాత్రాన ప్లేట్‌లెట్లు బాగా పనిచేస్తున్నాయని కాదు. నిన్న రాత్రి తాగిన వ్యక్తికి రెండు లక్షలు ఉన్నా అవి సరిగా అతుక్కోకపోవచ్చు, మామూలు రక్తపరీక్షలో ఆ లోపం కనిపించదు.

6. ముందు రాత్రి, ఆ ఉదయం

మామూలు నియమం ప్రకారం ఆపరేషన్‌కు తేలికపాటి ఆహారం ఆరు గంటల ముందు, నూనె, మాంసం ఉన్న భోజనం ఎనిమిది గంటల ముందు ఆపాలి. మంచినీళ్లవంటి తేటద్రవాలను రెండు గంటల ముందు వరకు అనుమతిస్తారు. మీ ఆసుపత్రి చెప్పిన సమయం వేరుగా ఉంటే దాన్నే పాటించండి. తేటగా కనిపించినా వోడ్కాగాని, నీళ్లు కలిపిన మద్యంగాని ఈ తేటద్రవాల కిందికి రావు.

భయంతోనో, బంధువుల బలవంతంతోనో ఆ రాత్రి తాగేశారనుకోండి. ఉదయం ఆసుపత్రికి వెళ్లగానే, గౌను వేసుకోకముందే సిస్టరుకు ఎంత తాగారో, ఎన్నింటికి తాగారో చెప్పండి. తేదీ మారవచ్చు, కొంత ఖర్చు, కొన్ని మాటలు పడవచ్చు. వాసన రాకుండా బ్రష్ చేసుకుని, యాలకులు నమిలి వచ్చేవారిని చూస్తుంటాం. నోరు శుభ్రమైనా కడుపులోది అలాగే ఉంటుంది.

7. చెప్పినది చేరిందో లేదో చూసుకోండి

పీఏసీలో చెప్పిన మాట థియేటరులో మత్తు ఇచ్చే డాక్టరుకు చేరిందని అనుకోవద్దు, వారిద్దరూ వేరు కావచ్చు. మీ కేసు షీటులో మద్యం పరిమాణం, చివరిసారి తాగిన తేదీ రాశారా అని అడగండి. "అప్పుడప్పుడు తాగుతారు" అని మాత్రమే రాసి ఉంటే మీ కాగితాన్ని షీటుకు జతచేయమనండి. ఆపరేషన్ రోజున మత్తు డాక్టరు పేరు అడిగి, "నా మద్యం అలవాటు మీకు తెలుసు కదా, చివరిసారి ఫలానా రోజు తాగాను" అని ఒక్క వాక్యం చెప్పండి.

8. ఆపరేషన్ తర్వాత మొదటి నాలుగు రోజులు

ఈ పని ఇంటివారిది. చేతులు వణకడం, విపరీతమైన చెమట, నిద్రపట్టక లేచి తిరగడం, సూదులు పీకేయడం, లేనివాళ్లతో మాట్లాడటం, ఎక్కడున్నారో తెలియకపోవడం, వీటిలో ఏది కనిపించినా "మత్తు దిగలేదులే" అనుకోకుండా వెంటనే సిస్టరుకు చెప్పి, చివరిసారి ఎప్పుడు తాగారన్నది గుర్తు చేయండి. వణుకు తగ్గుతుందని దొంగచాటుగా వాటరు సీసాలో మందు తెచ్చి ఇవ్వడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయవద్దు. ఇచ్చే నొప్పిమందులతో, నిద్రమందులతో అది కలిస్తే శ్వాస ఆగవచ్చు. కుట్ల దగ్గర బ్యాండేజీ పదే పదే తడవడం, గొట్టంలో ఎర్రటి రక్తం పెరగడం, నల్లటి మలం కూడా వెంటనే చెప్పవలసినవే.

అదే రోజు ఇంటికి పంపే చిన్న ఆపరేషన్లలో ఈ జాగ్రత్త మరింత అవసరం, ఎందుకంటే రెండో రోజు, మూడో రోజు మీరు ఇంట్లో ఉంటారు. పారాసిటమాల్ కూడా ఎక్కువ తాగేవారి కాలేయానికి భారమే. చాలామంది డాక్టర్లు వారికి రోజుకు 2 గ్రాములకు, అంటే 650 మిల్లీగ్రాముల మాత్రలు మూడింటికి మించనివ్వరు. మీకెంత అన్నది డిశ్చార్జి కాగితం మీద రాయించుకోండి. ట్రామడోల్ వాడుతున్నన్ని రోజులూ మద్యం ముట్టకూడదు.

తరచుగా వినిపించే పొరపాటు మాటలు

"వెన్నులో సూదే కదా, పూర్తి మత్తు కాదు కదా" అంటారు. వెన్నులో సూది వేసేటప్పుడు లోపల రక్తం గడ్డకట్టి నరాల మీద ఒత్తిడి పడితే కాళ్లు చచ్చుబడవచ్చు. అందుకే ప్లేట్‌లెట్లు, ఐఎన్‌ఆర్ విషయంలో మత్తు డాక్టర్లు అక్కడ ఇంకా కచ్చితంగా ఉంటారు. పైగా వెన్ను మత్తు సరిగా అందకపోతే పూర్తి మత్తుకు మారవలసి వస్తుంది, అప్పుడు నిండు కడుపు ప్రమాదం మళ్లీ ఎదురవుతుంది.

"తాగేవాడికి మత్తు ఎక్కదట, కాస్త ఎక్కువ ఇవ్వమని చెబితే చాలు" అనేది మరొకటి. ఆ మాట కొంతమేరకే నిజం. కాలేయం బాగా దెబ్బతిన్న మనిషికి మందు నెమ్మదిగా విరుగుతుంది కాబట్టి, అదే తాగుడు వల్ల ఆయనకు తక్కువ మోతాదు ఇవ్వవలసి వస్తుంది. ఏది వర్తిస్తుందో తేల్చేది మీ పరీక్షలూ, మీరు ఇచ్చిన లెక్కా.

అప్పటికప్పుడు చేసే ఆపరేషన్ అయితే

రోడ్డు ప్రమాదమో, పేగు చిట్లడమో జరిగితే మద్యం దిగేదాకా ఎవరూ ఆగరు, ఆగకూడదు కూడా. నిండు కడుపు ఉందని తెలిస్తే మత్తు డాక్టరు వేగంగా మత్తు ఇచ్చి వెంటనే గొంతులో గొట్టం వేసే పద్ధతిని ఎంచుకుంటారు, గొట్టం వేసి కడుపు ఖాళీ చేస్తారు, రక్తాన్ని సిద్ధంగా ఉంచుతారు. వెంట వచ్చినవారు 108 సిబ్బందికి, క్యాజువాలిటీ డాక్టరుకు ఏం తాగారు, సుమారు ఎంత, ఎన్నింటికి, చివరిసారి ఎప్పుడు తిన్నారు, రోజూ తాగే అలవాటు ఉందా అన్న సంగతులు చెప్పాలి. పోలీసు కేసు అవుతుందన్న భయంతో ఇది దాచడం వల్ల ఆపరేషన్ బల్ల మీదున్న మనిషికే నష్టం. తలకు దెబ్బ తగిలిన వ్యక్తి మగతగా ఉంటే "తాగి ఉన్నాడు, నిద్రపోతున్నాడు" అని మాత్రం చెప్పి ఊరుకోకండి. పడకముందు ఎలా మాట్లాడాడో, పడ్డ తర్వాత మాటలో ఏం మార్పు వచ్చిందో చెప్పండి. తలకు స్కాన్ తీయాలా వద్దా అన్నది చాలాసార్లు ఆ సమాచారం మీదే ఆధారపడి ఉంటుంది.